సెమిస్టర్ ప్రశ్నపత్రాల తయారీ: విభాగాధిపతి సర్క్యులర్

కళాశాలలో ఒక విభాగం అధిపతి పరీక్షలకు ముందు తన అధ్యాపకులకు పంపే లిఖితపూర్వక ఆదేశాన్ని ప్రశ్నపత్రాల సర్క్యులర్ అంటారు. ఏ సబ్జెక్టు ప్రశ్నపత్రం ఎవరు రాయాలి, ఏ తేదీకి ఇవ్వాలి, ఏ నమూనాలో ఉండాలి, దాన్ని ఎవరు పరిశీలించాలి, చివరికి ఎవరి చేతికి చేరాలి అన్న అయిదు విషయాలను ఇది తేల్చి చెబుతుంది. సాధారణంగా ఒకటి రెండు పేజీలకు మించదు. ప్రతి అధ్యాపకుడూ చదివినట్టు సంతకం చేస్తాడు. ఒక ప్రతి విభాగం ఫైల్లో, ఇంకొకటి ఎగ్జామ్ సెల్‌లో ఉంటాయి.

పరిధి

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో ఈ సర్క్యులర్ పరిధి కళాశాల రకాన్నిబట్టి మారుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ మూడూ అనంతపురం జిల్లాలో ఉండేవి. జిల్లా మారినా విశ్వవిద్యాలయాల అనుబంధం మారలేదు. డిగ్రీ కళాశాలలు 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికి, ఇంజినీరింగ్ కళాశాలలు 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన జేఎన్‌టీయూ అనంతపురం కిందికి వస్తాయి. పాలిటెక్నిక్‌లు రాష్ట్ర సాంకేతిక విద్యా, శిక్షణ మండలి కింద నడుస్తాయి.

అనుబంధ కళాశాలలో సెమిస్టర్ చివరి పరీక్ష ప్రశ్నపత్రం విభాగాధిపతి చేతిలో ఉండదు. దాన్ని విశ్వవిద్యాలయమే బయటి పేపర్ సెట్టర్ల చేత రాయిస్తుంది. ఎవరు రాశారన్నది గోప్యంగా ఉంచుతుంది. సెమిస్టర్ మధ్యలో జరిగే అంతర్గత పరీక్షలు, అంటే మిడ్ పరీక్షలు, విభాగం బాధ్యత. అందువల్ల ఈ మూడు పట్టణాల అనుబంధ కళాశాలల్లో సర్క్యులర్ ప్రధానంగా మిడ్ ప్రశ్నపత్రాలకే వర్తిస్తుంది. అనంతపురంలో 1916లో మొదలైన ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల వంటి స్వయంప్రతిపత్తి కళాశాలల్లో చివరి పరీక్ష కూడా కళాశాలదే. అక్కడ పరీక్షల నియంత్రణాధికారి ఉంటాడు. ప్రతి సబ్జెక్టుకూ ఒకటికి మించి సెట్లు రాయించుకుని, ఏ సెట్ వాడేదీ బయటకు చెప్పకుండా చివర్లో ఎంచుకునే పద్ధతి అలాంటి చోట్ల వాడుకలో ఉంది.

డిగ్రీ కళాశాలల్లో ఈ పని పెరగడానికి ఒక కారణం పరీక్షా విధానం మారడం. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులు 2015-16 విద్యాసంవత్సరం నుంచి ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ విధానంతో సెమిస్టర్ పద్ధతికి మారాయి. వార్షిక పరీక్షల కాలంలో అధ్యాపకుడు బోధించేవాడే తప్ప, మార్కుల జాబితాకు ఎక్కే ప్రశ్నపత్రం రాయాల్సిన అవసరం పెద్దగా వచ్చేది కాదు. అంతర్గత మార్కులు చివరి ఫలితంలో కలిసేసరికి మిడ్ ప్రశ్నపత్రానికీ ఒక పద్ధతి, ఒక రికార్డు అవసరమయ్యాయి.

నిబంధనలు ముందే నిర్ణయించిన అంశాలు

సర్క్యులర్ కొత్త నియమాలు పెట్టదు. పైనున్న నిబంధనలను విభాగం పనిదినాల్లోకి దించుతుంది. జేఎన్‌టీయూ అనంతపురం ఆర్23 నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు 30 మార్కులు అంతర్గతం, 70 మార్కులు సెమిస్టర్ చివరి పరీక్ష. అంతర్గత 30లో వ్యాసరూప పరీక్షకు 15, ఆబ్జెక్టివ్‌కు 10, అసైన్‌మెంట్‌కు 5 మార్కులు. మిడ్ వ్యాసరూప పత్రంలో ఇది లేదా అది అనే పద్ధతిలో మూడు జతల ప్రశ్నలు, అంటే మొత్తం ఆరు ఉంటాయి. విద్యార్థి ప్రతి జతలో ఒకటి రాస్తాడు. ఒక్కోదానికి 10 మార్కులు. వచ్చిన మొత్తాన్ని 15కు కుదిస్తారు. సమయం 90 నిమిషాలు. సెమిస్టర్‌లో రెండు మిడ్‌లు జరుగుతాయి. మార్కులు ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం విలువ ఇస్తారు.

చివరి పరీక్ష ప్రశ్నపత్రం రూపం కూడా నిర్ణయమై ఉంది. మొదటి ప్రశ్నలో ఒక్కో యూనిట్ నుంచి రెండు చొప్పున పది చిన్న ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు. తర్వాత అయిదు యూనిట్ల నుంచి అయిదు జతలు, ఒక్కో జతకు 10 మార్కులు. విద్యార్థికి ఈ రూపం అలవాటు కావాలంటే మిడ్ ప్రశ్నపత్రం భాష, మార్కుల విభజన దానికి దగ్గరగా ఉండాలి. విభాగాధిపతి తన ఇష్టప్రకారం జతలు తీసేసి ఆరు ప్రశ్నలూ తప్పనిసరి చేయలేడు, మార్కులు మార్చలేడు. సర్క్యులర్‌కూ విశ్వవిద్యాలయ నిబంధనకూ తేడా వస్తే నిబంధనే చెల్లుతుంది.

గడువుల లెక్క

గడువులను పరీక్ష రోజు నుంచి వెనక్కి లెక్కగడతారు. సర్క్యులర్ వెలువడిన రోజు నుంచి ముందుకు లెక్కిస్తే ఆలస్యమంతా చివరి దశ మీద, అంటే ముద్రణ మీద పడుతుంది. అప్పుడు మొదట బలయ్యేది పరిశీలన. ఒక విభాగంలో అయిదు సబ్జెక్టులు, పరీక్ష సోమవారం మొదలు అనుకుంటే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది.

- పరీక్షకు 16 రోజుల ముందు, శనివారం: సర్క్యులర్ జారీ. సెట్టర్, పరిశీలకుడు ఎవరెవరో పట్టిక రూపంలో ఇవ్వడం.
- 11 రోజుల ముందు, గురువారం: ప్రశ్నపత్రం ముసాయిదా, జవాబుల కీ, మార్కుల స్కీమ్ మూడూ కలిపి సీల్డ్ కవర్లో విభాగాధిపతికి.
- 9 రోజుల ముందు, శనివారం: పరిశీలకుడి రాతపూర్వక వ్యాఖ్యలు.
- 6 రోజుల ముందు, మంగళవారం: సెట్టర్ సవరించిన ప్రతి.
- 4 రోజుల ముందు, గురువారం: విభాగాధిపతి ఆమోదం, ఎగ్జామ్ సెల్‌కు అప్పగింత.
- 2 రోజుల ముందు, శనివారం: ముద్రణ, లెక్కింపు, సీలు.

ఈ లెక్కలో పరిశీలకుడికి రెండు రోజులు, సవరణకు ఆదివారం పోగా రెండు పనిదినాలు దొరుకుతాయి. గురువారం అప్పగించడానికి కారణం ముద్రణకు ముందు ఒక పనిదినం ఖాళీగా ఉంచుకోవడం. కరెంటు పోవడం, యంత్రం మొరాయించడం, సెట్టర్ ఒంట్లో బాగాలేక సెలవు పెట్టడం వంటివి ఆ ఒక్క రోజులో సర్దుకోవాలి. పండుగ సెలవు మధ్యలో వస్తే మొత్తం పట్టిక వెనక్కి జరగాలి, ముద్రణ తేదీ ముందుకు జరగకూడదు.

గడువుతోపాటు సిలబస్ పరిధిని కూడా సర్క్యులర్ చెప్పాలి. మొదటి మిడ్‌కు సిలబస్‌లో తొలి భాగమే వస్తుంది. ఆ భాగం ఏ అంశం దగ్గర ఆగుతుందో రాయకపోతే ఒకే సబ్జెక్టును ఎ, బి సెక్షన్లకు వేర్వేరుగా చెప్పే ఇద్దరు అధ్యాపకులు చెరొకచోట ఆపుతారు. ప్రశ్నపత్రం మాత్రం ఇద్దరికీ ఒకటే. తమ తరగతిలో ఇంకా చెప్పని ప్రశ్న వచ్చిందన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. అందుకే సర్క్యులర్ జారీకి ముందే ఇద్దరి బోధనా డైరీలు పోల్చి, ఆ భాగంలో చివరి అంశం పేరు పట్టికలో రాస్తారు.

నమూనా

ప్రశ్నపత్రం పైభాగంలో కళాశాల పేరు, విభాగం, సంవత్సరం, సెమిస్టర్, రెగ్యులేషన్, సబ్జెక్టు పేరు, కోడ్, తేదీ, పూట, సమయం, గరిష్ఠ మార్కులు ఉంటాయి. వీటిలో ఎక్కువ చిక్కు తెచ్చేది రెగ్యులేషన్. ఆర్20, ఆర్23 విద్యార్థులు ఒకే కాలంలో కళాశాలలో ఉన్నప్పుడు ఒకే పేరున్న సబ్జెక్టుకు రెండు సిలబస్‌లు ఉండవచ్చు. పాత ఫైలు తెరిచి, తేదీ మాత్రం మార్చి పంపితే పై వరుసలో పాత కోడ్ అలాగే మిగిలిపోతుంది. కొన్నిసార్లు ప్రశ్నలు కూడా పాత సిలబస్‌వే ఉంటాయి. అందువల్ల ప్రతిసారీ ఖాళీ నమూనాలోనే రాయాలని, పాత ప్రశ్నపత్రం మీద రాయవద్దని సర్క్యులర్‌లో వేరుగా చెబుతారు.

ప్రతి ప్రశ్నకు ఎదురుగా మూడు గడులుంటాయి: మార్కులు, సీఓ, స్థాయి. సీఓ అంటే కోర్స్ అవుట్‌కమ్. ఆ సబ్జెక్టు చదివాక విద్యార్థి చేయగలగాల్సిన పని. స్థాయి అనేది బ్లూమ్ వర్గీకరణ నుంచి వచ్చింది. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో ప్రకటించిన ఈ వర్గీకరణను 2001లో సవరించారు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, ప్రయోగించడం, విశ్లేషించడం, మూల్యాంకనం, సృష్టించడం అనే ఆరు మెట్లను ఎల్1 నుంచి ఎల్6 వరకు గుర్తులతో రాస్తారు. 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. ఆ తర్వాత జాతీయ అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపు కోరే ఇంజినీరింగ్ విభాగాల్లో ఈ గడులు స్థిరపడ్డాయి. ఏఐసీటీఈ 2018 నవంబరులో వెలువరించిన పరీక్షా సంస్కరణల విధానం కూడా కంఠస్థానికే పరిమితమైన ప్రశ్నలు తగ్గించాలనే చెప్పింది.

గడులు నింపడంతో స్థాయి రాదు. ప్రశ్నలోని క్రియను చూసి ఎల్3 అని రాయడం మామూలు పొరపాటు. ‘లెక్కించండి’ అన్నంత మాత్రాన అది ప్రయోగ స్థాయి కాదు. తరగతిలో చేసిన లెక్కనే అంకెలతో సహా ఇస్తే విద్యార్థి గుర్తుంచుకుని రాస్తాడు, కాబట్టి అది ఎల్1. అంకెలు మార్చి, ఏ సూత్రం వాడాలో విద్యార్థే తేల్చుకునేట్టు అడిగితే ఎల్3. తరగతి నోట్సు, గత ప్రశ్నపత్రాలు చూడకుండా స్థాయి తేల్చడం కుదరదు. అందుకే సెట్టర్ గత మూడు మిడ్‌ల ప్రశ్నపత్రాలు జతచేయాలని కొన్ని సర్క్యులర్లు అడుగుతాయి.

భాష విషయంలో డిగ్రీ కళాశాలలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ బోధన ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన విద్యార్థులు ఇంకా ఉన్నారు. కర్ణాటక సరిహద్దును ఆనుకున్న హిందూపురం ప్రాంతంలో కన్నడం ఇంటిభాషగా ఉన్నవారూ ఉన్నారు. ఒక వాక్యంలో ఒకే పని అడగాలి, ‘కానిది ఏది’ వంటి వ్యతిరేక రూపాలు తగ్గించాలి అన్న సూచనలు ఇక్కడ పనికొస్తాయి. తెలుగు విభాగానికి మరో సాంకేతిక సమస్య ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. ముద్రణ రోజున ఎగ్జామ్ సెల్‌లో ఇది బయటపడితే ప్రశ్నపత్రం మళ్లీ టైపు చేయాల్సివస్తుంది, అంటే కొత్తగా ఇంకొకరు దాన్ని చూస్తారు. యూనికోడ్‌లో టైపు చేయాలని, లేదా ఫాంట్ పొదిగిన పీడీఎఫ్ ఇవ్వాలని సర్క్యులర్‌లో ఒక్క వాక్యం ఉంటే ఈ చిక్కు తీరుతుంది. పీడీఎఫ్ ఇచ్చినా వత్తులు, గుణింతాలు చెదరలేదని కాగితం మీద ఒకసారి చూడాలి.

పరిశీలన

పరిశీలనలో మూడు మెట్లు ఉంటాయి. మొదటిది సెట్టర్ సొంత పరిశీలన: ప్రతి ప్రశ్నకూ జవాబు రాసి, దశలవారీ మార్కులతో స్కీమ్ జతచేయడం. రెండోది సబ్జెక్టు తెలిసిన మరో అధ్యాపకుడి పరిశీలన. మూడోది విభాగాధిపతి ఆమోదం. ఇందులో విషయం కంటే సిలబస్ పరిధి, మార్కుల మొత్తం, జతల సమతూకం చూస్తారు. ఈ మూడింటిలో దోషాలు పట్టేది రెండోదే. ఆ పనికి ఒక షరతుంది: పరిశీలకుడు కీ చూడకుండా, కాగితం మీద ప్రశ్నలు చేసి చూడాలి. కీ పక్కన పెట్టుకుని చదివితే సెట్టర్ మనసులో ఉన్న ఊహ ఇతనికీ సహజంగానే తోస్తుంది.

విద్యుత్ ఇంజినీరింగ్ విభాగంలో డీసీ మెషిన్స్ మొదటి మిడ్‌కు వచ్చిన ఒక ముసాయిదాను ఉదాహరణగా ఊహించుకోవచ్చు. రెండో యూనిట్ నుంచి ఒక జత. మొదటి ఎంపికలో 3 మార్కులకు బ్యాక్ ఈఎంఎఫ్ ప్రాధాన్యం వివరించాలి. మిగతా 7 మార్కులకు ఈ లెక్క: ‘220 వోల్టుల, 4 పోల్ డీసీ షంట్ మోటారు లైను నుంచి 40 ఆంపియర్లు తీసుకుంటోంది. ఆర్మేచర్ నిరోధం 0.5 ఓమ్. కండక్టర్లు 480, పోల్‌కు ఫ్లక్స్ 25 మిల్లీవెబర్లు. బ్యాక్ ఈఎంఎఫ్, వేగం కనుక్కోండి.’ రెండో ఎంపిక: ‘ఆర్మేచర్ రియాక్షన్‌ను పటాలతో వివరించండి’, 10 మార్కులు.

చదివితే లెక్కలో లోపం కనబడదు. చేయడం మొదలుపెడితే మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. షంట్ మోటారులో లైను కరెంటులో కొంత ఫీల్డుకు పోతుంది. ఫీల్డు నిరోధం ఇవ్వలేదు కాబట్టి ఆర్మేచర్ కరెంటు తెలియదు. ఫీల్డు కరెంటును పట్టించుకోని విద్యార్థి 40ని 0.5తో గుణించి 20 వోల్టులు తీసేసి, బ్యాక్ ఈఎంఎఫ్ 200 వోల్టులని రాస్తాడు. వైండింగ్ ల్యాప్ అనుకుంటే వేగం నిమిషానికి 1000 చుట్లు. జవాబు గుండు సంఖ్యగా రావడం వల్ల అదే సరైనదనిపిస్తుంది కూడా. ఫీల్డు నిరోధం 110 ఓమ్‌లని సెట్టర్ మనసులో ఉండి రాయడం మరిచిపోయి ఉంటే ఫీల్డు కరెంటు 2 ఆంపియర్లు, ఆర్మేచర్ కరెంటు 38, బ్యాక్ ఈఎంఎఫ్ 201 వోల్టులు, వేగం 1005 చుట్లు. వైండింగ్ వేవ్ అయితే వేగం సగానికి పడిపోయి 502.5 అవుతుంది. ఒకే ప్రశ్నకు మూడు జవాబులు; మూడూ వాదించి నిలబెట్టుకోగలిగినవే. పరీక్ష హాల్లో ఒక గదిలో ఇన్విజిలేటర్ ‘ల్యాప్ అనుకోండి’ అని చెప్పి, పక్క గదిలో చెప్పకపోతే మూల్యాంకనంలో న్యాయం చేయడం కష్టం.

పరిశీలకుడి వ్యాఖ్య ఇలాంటి చోట రెండు మాటల్లో ఉండాలి: ఫీల్డు నిరోధం 110 ఓమ్‌లు, ల్యాప్ వైండింగ్, బ్రష్ డ్రాప్ వదిలేయవచ్చు అని చేర్చాలి. ‘ప్రశ్న స్పష్టంగా లేదు’ అని మాత్రమే రాస్తే సెట్టర్‌కు ఏం చేయాలో తెలియదు. సవరించాక స్కీమ్ ఇలా కుదురుతుంది: ఫీల్డు కరెంటుకు 1, ఆర్మేచర్ కరెంటుకు 1, బ్యాక్ ఈఎంఎఫ్‌కు 2, వేగం సూత్రానికి 1, జవాబుకు 2, మొత్తం 7.

ఈ జతలో రెండో లోపం సమతూకానిది. మొదటి ఎంపికలో ఎక్కువ భాగం ఎల్3 స్థాయి లెక్క, రెండోది నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాసే ఎల్2 ప్రశ్న. పైగా ఆర్మేచర్ రియాక్షన్‌ను మొదటి యూనిట్‌లో చెప్పి ఉంటే జతలోని రెండు ఎంపికలూ ఒకే యూనిట్‌వి కాకుండా పోతాయి. లెక్కలంటే భయపడే విద్యార్థి రెండోది ఎంచుకుని, ఆ సీఓను అసలు తాకకుండానే బయటపడతాడు. పరిశీలకుడు సూచించే ప్రత్యామ్నాయం ఇలా ఉండవచ్చు: 3 మార్కులకు మోటారుకు స్టార్టర్ ఎందుకు కావాలో వివరించడం, 7 మార్కులకు 250 వోల్టుల షంట్ మోటారు లెక్క. ఆర్మేచర్ నిరోధం 0.4 ఓమ్, ఫీల్డు నిరోధం 125 ఓమ్‌లు. లోడు లేనప్పుడు 5 ఆంపియర్లతో 1200 చుట్లు తిరిగితే, 52 ఆంపియర్లు తీసుకునేటప్పుడు వేగం ఎంత? ఫ్లక్స్ మారదు. ఫీల్డు కరెంటు 2 ఆంపియర్లు కాబట్టి ఆర్మేచర్ కరెంట్లు 3, 50. బ్యాక్ ఈఎంఎఫ్‌లు 248.8, 230 వోల్టులు. వేగం సుమారు 1109 చుట్లు. మెట్ల సంఖ్య, సూత్రాలు మొదటి లెక్కకు దగ్గరగా ఉన్నాయి. ఏది ఎంచుకున్నా విద్యార్థిని ఒకే విషయంలో పరీక్షించినట్టవుతుంది.

చేసి చూడటం వల్ల సమయమూ తేలుతుంది. 90 నిమిషాల్లో మూడు జవాబులంటే ఒక్కోదానికి 30 నిమిషాలు. విషయం తెలిసిన అధ్యాపకుడికి పట్టే సమయానికి విద్యార్థికి రెండు మూడింతలు పడుతుందన్నది వాడుకలో ఉన్న అంచనా. పరిశీలకుడు ఒక జవాబును 9 నిమిషాల్లో ముగిస్తే విద్యార్థికి 27 నిమిషాలు, సరిపోతుంది. అదే 15 నిమిషాలు పడితే ప్రశ్నను కుదించాలి.

గోప్యత

ప్రశ్నపత్రం బయటకు పొక్కే దారులు చాలావరకు నిర్లక్ష్యం వల్ల ఏర్పడేవే. విభాగం ఉమ్మడి కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీద వదిలేసిన ఫైలు, ల్యాబ్ ప్రింటర్ ట్రేలో మిగిలిన కాగితం, అధ్యాపకుల వాట్సాప్ గ్రూపులోకి పొరపాటున వెళ్లిన పీడీఎఫ్, వీధిలోని జిరాక్స్ షాపులో తీసిన ప్రతులు ఇందుకు మామూలు ఉదాహరణలు. సర్క్యులర్ వీటిని పేరుపేరునా నిషేధించాలి. ‘గోప్యత పాటించాలి’ అన్న సాధారణ వాక్యం ఎవరినీ ఆపదు. ముసాయిదాను పెన్‌డ్రైవ్‌లోనో, చేతిరాతలోనో నేరుగా ఇవ్వడం, ముద్రణ ఎగ్జామ్ సెల్‌లోనే జరగడం, పాడైన కాగితాలను అక్కడే చించేయడం, కవరు మీద అతుకు దగ్గర సంతకం చేయడం సాధారణ పద్ధతి. సెట్టర్ దగ్గరి బంధువు ఆ పరీక్ష రాస్తుంటే ముందే చెప్పి తప్పుకోవాలి.

ప్రశ్నపత్రం లీకు వంటి నేరాల మీద రాష్ట్రంలో 1997 నాటి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ఉంది. విశ్వవిద్యాలయ పరీక్షల స్థాయిలో దీని ప్రసక్తి వస్తుంది. కళాశాల అంతర్గత మిడ్‌లో లోపం జరిగితే విషయం చాలావరకు కళాశాల క్రమశిక్షణ పరిధిలోనే తేలుతుంది. పరీక్ష రద్దుచేసి మరో ప్రశ్నపత్రంతో మళ్లీ పెట్టడం మొదటి చర్య. అందుకే కొన్ని విభాగాలు ప్రతి సబ్జెక్టుకూ రెండు సెట్లు అడుగుతాయి. రెండో సెట్ కూడా అదే పరిశీలన దాటాలి. లేకపోతే అవసరం పడిన రోజున ఎవరూ చూడని ప్రశ్నపత్రం విద్యార్థుల చేతికి వెళుతుంది.

చిన్న విభాగాల ఇబ్బంది

రెండో వ్యక్తి పరిశీలన అన్న నియమం పెద్ద విభాగాలను దృష్టిలో పెట్టుకుని చేసినది. చిన్న పట్టణాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఒక సబ్జెక్టుకు ఒక్కరే అధ్యాపకుడు ఉండటం, మిగతా పని అతిథి అధ్యాపకులతో నడవడం కొత్త కాదు. అలాంటి చోట విభాగాధిపతి, సెట్టర్, పరిశీలకుడు ముగ్గురూ ఒకే మనిషి. ఈ పరిస్థితిలో రెండు మార్గాలున్నాయి. ఒకటి, దగ్గరి విషయం చదివిన అధ్యాపకుడికి కనీసం రూప పరిశీలన అప్పగించడం: భౌతికశాస్త్రం ప్రశ్నపత్రంలో లెక్కలను గణిత అధ్యాపకుడు చేసి చూడవచ్చు. రెండోది, ప్రిన్సిపాళ్ల అనుమతితో పక్క పట్టణం కళాశాలలోని అదే సబ్జెక్టు అధ్యాపకుడితో పరస్పర పరిశీలన. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు వైపు రైలు మార్గం మీద ఉన్నాయి కాబట్టి సీల్డ్ కవరు చేతికి ఇచ్చి తెచ్చుకోవడం ఒక రోజు పని. రెండో మార్గంలో గడువులకు కనీసం రెండు రోజులు కలపాలి. రెండు కళాశాలల మిడ్ తేదీలు వేరైతే, పరీక్ష ముందుగా జరిగే కళాశాల ప్రశ్నలే రెండోచోట రాకుండా చూడాలి.

లోపాల ఆనవాళ్లు

సర్క్యులర్ అమలైందో లేదో కాగితాలే చెబుతాయి. పరిశీలన పత్రంలో అన్ని గడుల్లో టిక్కులే ఉండి ఒక్క వ్యాఖ్య కూడా లేకపోతే, చేసి చూసిన లెక్కల కాగితం జతచేయకపోతే, ముసాయిదా, పరిశీలన, ఆమోదం మూడింటి మీదా ఒకే తేదీ ఉంటే అది సంతకాల కోసం జరిగిన పరిశీలన. పరీక్ష రోజున హాల్లో సవరణలు చదివి వినిపించాల్సివస్తే లోపం పరిశీలన దాటి వచ్చిందని అర్థం. అలాంటి ప్రతి సవరణనూ ఇన్విజిలేటర్ నోట్ చేసి విభాగానికి పంపాలి.

మూల్యాంకనం తర్వాత మరో ఆనవాలు దొరుకుతుంది. ఒక తరగతిలో 60 మంది రాసి, ఒక జతలో 52 మంది మొదటిదీ 8 మంది రెండోదీ ఎంచుకున్నారనుకుంటే, ఆ రెండూ సమానంగా లేవన్న అనుమానానికి ఆధారముంది. రెండోది ఎంచుకున్నవారి సగటు కూడా బాగా తక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఎంపికల సంఖ్య ఒక్కటే తీర్పు కాదు. ఒక అంశాన్ని తరగతిలో పరీక్షకు ముందు రోజే చెప్పి ఉంటే కూడా విద్యార్థులు దాన్నే ఎంచుకుంటారు. లెక్కలో సూత్రం దాకా అందరూ ఒకేలా వచ్చి తర్వాత రెండు మూడు వేర్వేరు జవాబులుగా విడిపోతే, పై ఉదాహరణలోలాగా దత్తాంశంలో ఏదో తక్కువైందని గుర్తించాలి. అప్పుడు స్కీమ్‌ను సవరించి, సమంజసమైన ఊహతో వచ్చిన జవాబులన్నింటికీ మార్కులిచ్చి, ఆ సవరణను ఫైల్లో రాసి ఉంచుతారు.

ప్రశ్నపత్రం, కీ, స్కీమ్, పరిశీలన పత్రం, ఎంపికల లెక్క కలిపి విభాగం ఫైల్లో దాస్తారు. నాక్, జాతీయ అక్రెడిటేషన్ బోర్డు బృందాలు వచ్చినప్పుడు చూపేది ఈ ఫైలే. తర్వాతి సెమిస్టర్‌కు సర్క్యులర్ రాసేటప్పుడు మార్చాల్సిన వాక్యాలు, జరపాల్సిన గడువులు కూడా ఇందులోంచే తేలతాయి.